మూత్రంలో ప్రొటీన్ పోతుంటే రక్తంలో కొవ్వు ఎందుకు పెరుగుతుంది?

పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు, మూత్రం పోసిన చోట ఎంతకీ చావని నురగ. ఈ లక్షణాలతో వచ్చిన మనిషికి రక్తపరీక్ష చేయిస్తే ఒకదానికొకటి పొంతన లేనట్టుండే రెండు అంకెలు కనిపిస్తాయి. రక్తంలోని ప్రధాన ప్రొటీన్ అయిన ఆల్బుమిన్ ఉండాల్సిన దాంట్లో సగానికి పడిపోయి ఉంటుంది. కొలెస్ట్రాల్ మాత్రం ఉండాల్సిన దానికి రెట్టింపు దాటిపోయి ఉంటుంది. నాలుగు ముద్దలు కూడా సహించని మనిషికీ ఇదే పరిస్థితి. తిండి తగ్గింది, ప్రొటీన్ ఒంట్లోంచి బయటికి పోతోంది, అయినా కొవ్వు పెరుగుతోంది. ఇదెలా?

ఆరోగ్యంగా ఉన్నవారి మూత్రంలో రోజుకు 150 మిల్లీగ్రాములకు మించి ప్రొటీన్ పోదు. కిడ్నీల జల్లెడ దెబ్బతిని ప్రొటీన్ కారిపోయే ఈ జబ్బును నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. ఇందులో పెద్దలకు 3.5 గ్రాములు దాటి పోతుంది. ఒక్కోసారి 8, 10 గ్రాములు కూడా. అందులో ఎక్కువ భాగం ఆల్బుమినే. మామూలుగా రక్తంలో డెసీలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములుండే ఆల్బుమిన్ 2 గ్రాముల దగ్గరికి, అంతకంటే కిందికి కూడా జారిపోతుంది.

కొవ్వు పెరగడానికి తరచూ వినిపించే వివరణ ఇది: ఆల్బుమిన్ తగ్గిందని కాలేయం హడావిడిగా దాన్ని తయారుచేయడం మొదలుపెడుతుంది, ఆ ఊపులో కొవ్వును మోసే రేణువులను కూడా ఎక్కువగా తయారుచేస్తుంది. ఇందులో అబద్ధం లేదు, కానీ ఇది సగం కథే. నీళ్ల తొట్టి పొంగిందంటే కుళాయి ఎక్కువ తిప్పి ఉండాలి, లేదా తూము పూడుకుపోయి ఉండాలి. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో రెండూ జరుగుతాయి. రక్తంలో తిరిగే మరో రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్ల విషయంలోనైతే పూడిన తూముదే పెద్ద పాత్ర. మందులు ఎందుకు అరకొరగా పనిచేస్తాయో, తిండి కట్టడి చేసినా అంకెలు ఎందుకు దిగవో ఈ రెండో సగం తెలిస్తేనే అర్థమవుతుంది.

జల్లెడలోంచి ఏది పోతుంది, ఏది పోదు

కొవ్వు నీటిలో కలవదు కాబట్టి రక్తంలో ఒంటరిగా తిరగలేదు. పైన ప్రొటీన్ తొడుగున్న చిన్న చిన్న రేణువుల్లో కూర్చుని ప్రయాణిస్తుంది. కాలేయం నుంచి ట్రైగ్లిజరైడ్లను మోసుకొచ్చే వీఎల్‌డీఎల్ రేణువు వెడల్పు సుమారు 30 నుంచి 80 నానోమీటర్లు. అది తన సరుకు దించేశాక మిగిలే, కొలెస్ట్రాల్ నిండిన ఎల్‌డీఎల్ 20 నుంచి 25 నానోమీటర్లు. ఆల్బుమిన్ అణువు ఏడు నానోమీటర్లకు అటూ ఇటూ.

కిడ్నీ వడపోత గుచ్ఛాల్లోని జల్లెడ దెబ్బతిన్నప్పుడు ఏమవుతుందో ఈ కొలతలే చెబుతాయి. ఆల్బుమిన్, ఆ పరిమాణంలో ఉన్న ఇతర ప్రొటీన్లు జారిపోతాయి. వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్ లావుగా ఉండి లోపలే నిలిచిపోతాయి. అంటే కాలేయం రెండింటినీ ఎక్కువగా తయారుచేసి పంపినా, ఆల్బుమిన్ మూత్రం పాలవుతుంది, కొవ్వు రేణువులు రక్తంలో పోగుపడతాయి.

కొద్దిపాటి కొవ్వు మూత్రంలోకీ పోతుంది. కణాల నుంచి కొలెస్ట్రాల్‌ను ఎత్తుకుపోయే హెచ్‌డీఎల్ రేణువుల్లో చిన్నవి ఆల్బుమిన్ కంటే మరీ పెద్దవేమీ కావు, అవి జల్లెడ దాటుతాయి. కిడ్నీ నాళికల గోడల్లోని కణాలు వాటిని మింగి, కొవ్వు చుక్కలతో ఉబ్బి, రాలి మూత్రంలోకి వస్తాయి. మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున చేరిన మడ్డిని పోలరైజ్డ్ కాంతిలో మైక్రోస్కోపు కింద పెడితే, చీకటి నేపథ్యంలో ఈ కొవ్వు చుక్కలు ఒక్కొక్కటీ మెరుస్తూ, నడుమ శిలువ గుర్తుతో నాలుగు రేకులుగా కనిపిస్తాయి. దీన్నే మాల్టీస్ క్రాస్ అంటారు. ఒక్కసారి చూసినవారు మళ్లీ పొరబడరు.

కాలేయం ఎందుకంత తొందరపడుతుంది?

కాలేయం మామూలుగా రోజుకు 10 నుంచి 15 గ్రాముల ఆల్బుమిన్ తయారుచేస్తుంది. మరి మూత్రంలో పోయేది 8 గ్రాములేగదా, అంత లోటు ఎందుకు పడాలన్న సందేహం సహజం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఆ 10–15 గ్రాములు ఊరికే పోగుపడవు. అంతే మొత్తం ఒంట్లో అక్కడక్కడా విచ్ఛిన్నమవుతుంటుంది. జమాఖర్చు సరిగ్గా సరిపోతున్న ఇంటికి రోజుకు 8 గ్రాముల కొత్త ఖర్చు వచ్చి పడింది. పైగా జల్లెడ దాటిన ఆల్బుమిన్‌లో కొంతభాగాన్ని నాళికల కణాలు పట్టుకుని ముక్కలు చేసేస్తాయి. అది మూత్రంలో కొలిచే అంకెలోకి రాదు. కాలేయం ఉత్పత్తి పెంచినా ఈ లోటు పూడదు.

కాలేయాన్ని పరుగెత్తించేది ఆల్బుమిన్ కొరత ఒక్కటే కాదు. ప్రొటీన్లు నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచే ఒత్తిడి, అంటే ఆంకోటిక్ ఒత్తిడి, పడిపోవడం కూడా. దీనికి మంచి రుజువుంది. ప్రొటీనే కాని డెక్స్‌ట్రాన్ ద్రావణాన్ని నరం ద్వారా ఎక్కించి ఆ ఒత్తిడిని పెంచితే, ఆల్బుమిన్ ఇవ్వకపోయినా రక్తంలో కొవ్వు తాత్కాలికంగా తగ్గుతుంది. ఒత్తిడి తగ్గినప్పుడు కాలేయ కణాలు ఆల్బుమిన్‌తోపాటు అపోలైపోప్రొటీన్ బీ అనే ప్రొటీన్‌ను కూడా ఎక్కువగా తయారుచేస్తాయి. వీఎల్‌డీఎల్‌కూ, ఎల్‌డీఎల్‌కూ వెన్నెముక అదే. ఇంతవరకు కుళాయి కథ.

ఈ కథ ఎక్కడ ఆగిపోతుందో జపాన్‌లో గుర్తించిన నగాసే ఎలుకలు చూపిస్తాయి. పుట్టుకతోనే వీటి రక్తంలో ఆల్బుమిన్ దాదాపు ఉండదు. అయినా కిడ్నీలు బాగానే ఉంటాయి. వీటిలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది నిజమే, కానీ తిన్న కొవ్వు రక్తంలోంచి పెద్ద ఇబ్బంది లేకుండానే తొలగిపోతుంది. అవే ఎలుకల్లో కిడ్నీ జల్లెడను దెబ్బతీసి మూత్రంలో ప్రొటీన్ పోయేలా చేస్తే తొలగింపు బాగా మందగించి కొవ్వు పేరుకుపోతుంది. ఆల్బుమిన్ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కొత్తగా వచ్చింది జల్లెడ కారడం ఒక్కటే. కాబట్టి ఆల్బుమిన్ తగ్గడం వేరు, మూత్రంలో ప్రొటీన్ పోవడం వేరు. కొవ్వు విషయంలో రెండూ విడివిడిగా దెబ్బకొడతాయి.

ట్రైగ్లిజరైడ్లు: సరుకు దిగని బండ్లు

వీఎల్‌డీఎల్ రేణువు కండరాల్లోని, గుండెలోని, కొవ్వు కణజాలంలోని సన్నని రక్తనాళాల గోడలను తాకుతూ వెళుతుంది. ఆ గోడలకు లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము అతుక్కుని ఉంటుంది. అది ట్రైగ్లిజరైడ్లను కోసి కొవ్వు ఆమ్లాలుగా దించుకుంటుంది. సరుకు దిగిన కొద్దీ రేణువు కుదించుకుపోతుంది.

నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో ఈ ఎంజైము పని కుంటుపడుతుంది. ఒక కారణం, దాన్ని నాళపు గోడ లోపలి వైపుకు చేర్చి అక్కడ పట్టి ఉంచే జీపీఐహెచ్‌బీపీ1 అనే ప్రొటీన్ తగ్గిపోవడం. ఎంజైము తయారైనా కొలువులో నిలబడే చోటు దొరకదన్నమాట. ఇంకో కారణం అంతకంటే ఆసక్తికరమైనది. దాన్ని కాస్త నిదానంగా చూడాలి.

ఆల్బుమిన్ చేసే పనుల్లో స్వేచ్ఛగా ఉన్న కొవ్వు ఆమ్లాలను వీపున మోయడం ఒకటి. మోసే కూలీలు సగమైపోతే మిగిలిన ఒక్కొక్కరి మీద బరువు పెరుగుతుంది. అలా అధిక బరువుతో వచ్చిన ఆల్బుమిన్ నుంచి కండరాలు, గుండె, కొవ్వు కణజాలం ఎక్కువ కొవ్వు ఆమ్లాలు తీసుకుంటాయి. దానికి స్పందనగా ఆంజియోపోయిటిన్-లైక్ 4 అనే ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. 2014లో వెలువడిన పరిశోధన దీని రెండు ముఖాలనూ చూపింది. ఒకవైపు ఇది కిడ్నీ వడపోత గుచ్ఛాల రక్తనాళాల మీద పనిచేసి ప్రొటీన్ కారడాన్ని కొంత తగ్గిస్తుంది. మరోవైపు లైపోప్రొటీన్ లైపేజ్‌ను పనికిరాకుండా చేస్తుంది. శరీరం కారుతున్న జల్లెడకు మాటు వేసుకోబోతుంది. ఆ ప్రయత్నానికి చెల్లించే మూల్యమే ట్రైగ్లిజరైడ్ల పెరుగుదల. ఈ వ్యాధిలో ఇంత అందంగా ముడిపడిన కారణకార్య సంబంధం ఇంకొకటి కనిపించదు.

ఎల్‌డీఎల్: మూసుకున్న తలుపులు

పాత ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి తీసేసే ప్రధాన బాధ్యత కాలేయానిదే. కాలేయ కణాల పైన ఎల్‌డీఎల్ రిసెప్టర్లు అనే తలుపులుంటాయి. ఎల్‌డీఎల్ వచ్చి తగులుకుంటే తలుపు దాన్ని లోపలికి తీసుకెళ్లి దించి, మళ్లీ పైకి వస్తుంది. ఒక్కో తలుపు ఇలా ఎన్నోసార్లు తిరుగుతుంది. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ దానికి తగులుకుంటే మాత్రం తలుపు పైకి రాదు, కణం లోపలే ధ్వంసమైపోతుంది.

నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్నవారి రక్తంలో ఈ పీసీఎస్‌కే9 పెరుగుతుంది. రిసెప్టర్ తయారీకి జన్యువు ఇచ్చే ఆదేశం మామూలుగానే ఉంటుంది, తయారీ కూడా సాగుతుంది, కానీ తయారైన తలుపులు నిలవవు. ఫలితంగా బయట రక్తంలో కొలెస్ట్రాల్ పొంగిపొర్లుతున్నా కాలేయ కణం లోపల కొరతే. కొరత ఉందనుకున్న కణం హెచ్‌ఎంజీ కోఎ రిడక్టేజ్ అనే ఎంజైమును పెంచి సొంతంగా ఇంకా కొలెస్ట్రాల్ తయారుచేస్తుంది. తూము పూడడమే కుళాయిని ఇంకాస్త తిప్పుతోందన్నమాట.

హెచ్‌డీఎల్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కణాల నుంచి కొలెస్ట్రాల్‌ను ఎత్తుకుని కడుపులో దాచుకోవాలంటే హెచ్‌డీఎల్‌కు ఎల్‌క్యాట్ అనే ఎంజైము కావాలి. ఆ ఎంజైము పరిమాణంలో ఆల్బుమిన్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి అదీ మూత్రంలో పోతుంది. రిపోర్టులో హెచ్‌డీఎల్ అంకె మామూలుగా కనిపించినా అందులో ఎదగని రేణువులే ఎక్కువ. ఆ అంకెను చూసి ధైర్యపడకూడదు.

ఒక రిపోర్టును దగ్గరగా చదివితే

వయసు 29, మగ మనిషి, వారం రోజుల్లో ఒంటినిండా వాపు అనుకుందాం. ఉదయపు మూత్ర నమూనాలో ప్రొటీన్ డెసీలీటరుకు 840 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ 105 మిల్లీగ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 8. ఈ నిష్పత్తి రోజుకు పోయే ప్రొటీన్ గ్రాములకు ఉజ్జాయింపుగా సరిపోతుంది. 24 గంటలూ మూత్రం పట్టిపెట్టే అవస్థ తప్పుతుంది. రక్తంలో ఆల్బుమిన్ 1.7 గ్రాములు, మొత్తం కొలెస్ట్రాల్ 432 మిల్లీగ్రాములు, ట్రైగ్లిజరైడ్లు 310, హెచ్‌డీఎల్ 42.

చాలా ల్యాబ్‌లు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవవు, ఈ లెక్క కట్టి ఇస్తాయి:

ఎల్‌డీఎల్ = మొత్తం కొలెస్ట్రాల్ − హెచ్‌డీఎల్ − (ట్రైగ్లిజరైడ్లు ÷ 5)

అంటే 432 − 42 − 62 = 328. చివర్లో ఐదుతో భాగించడమే ఇక్కడ చిక్కు. వీఎల్‌డీఎల్‌లో ట్రైగ్లిజరైడ్లు ఐదు పాళ్లు, కొలెస్ట్రాల్ ఒక పాలు ఉంటాయన్న అంచనా మీద ఆ లెక్క నిలబడి ఉంది. నెఫ్రోటిక్ రోగిలో సరుకు సరిగా దిగక రక్తంలో ఎక్కువకాలం తిరిగే రేణువుల్లో కొలెస్ట్రాల్ పాలు పెరిగిపోతుంది. అందువల్ల 328లో కొంత నిజానికి ఎల్‌డీఎల్ కాదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం ఎవరికీ పనికిరాదు. ఇలాంటి చోట మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, మిగిలిన 390ని చూడడం మేలు. నాన్-హెచ్‌డీఎల్ అనే ఈ అంకెలో రక్తనాళాలకు హాని చేసే రేణువులన్నీ కలిసి ఉంటాయి, అంచనాలేవీ ఉండవు.

వాపు ఇంకా తేలని దశలో, కేవలం లిపిడ్ ప్రొఫైల్ చూసి ఇది వంశపారంపర్యంగా వచ్చిన కొలెస్ట్రాల్ అనుకుని మందు మొదలుపెట్టడం జరగకూడని పొరపాటు. ఎల్‌డీఎల్ 190 దాటి కనిపించిన ఎవరికైనా ముందు మూత్రంలో ప్రొటీన్ కోసం పుల్ల పరీక్ష చేయాలి. రెండు నిమిషాల పని. దానితోపాటు థైరాయిడ్ పరీక్ష కూడా. థైరాయిడ్ హార్మోన్‌ను మోసే ప్రొటీన్ కూడా మూత్రంలో పోతుంది కనుక నెఫ్రోటిక్ రోగుల్లో కొందరికి థైరాయిడ్ నిజంగానే తగ్గి, కొలెస్ట్రాల్ పెరగడానికి మరో కారణం తోడవుతుంది.

ఏది దించుతుంది, ఏది దించదు

ఈ యువకుడికి బయాప్సీలో మినిమల్ చేంజ్ అనే రకం నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేలి, స్టెరాయిడ్‌తో ప్రొటీన్ కారడం ఆగిందనుకుందాం. ఆరో వారానికి నిష్పత్తి 8 నుంచి 0.3కు వచ్చింది. ఆల్బుమిన్ 3.3కు ఎక్కింది. కొలెస్ట్రాల్ మాత్రం ఇంకా 285, ట్రైగ్లిజరైడ్లు 190. వాపు పోయింది, నురగ పోయింది, మరి కొవ్వు ఎందుకు మిగిలిందని ఇక్కడ చాలామంది కంగారుపడతారు. ఆల్బుమిన్ కోలుకున్నాక గానీ కాలేయం వేగం తగ్గదు, రిసెప్టర్లు మళ్లీ నిలదొక్కుకోవాలి, ఈలోగా స్టెరాయిడ్ కూడా కొవ్వును కొంత పైకి నెడుతూనే ఉంటుంది. నాలుగో నెల చివర, స్టెరాయిడ్ బాగా తగ్గించాక, కొలెస్ట్రాల్ 190, ట్రైగ్లిజరైడ్లు 130. కొవ్వు కోసం ఒక్క మాత్ర కూడా వేయలేదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. స్టెరాయిడ్‌కు త్వరగా లొంగుతుంది కాబట్టి వారికి సాధారణంగా కొలెస్ట్రాల్ మందు అవసరం రాదు.

మెంబ్రేనస్ వంటి రకాల్లో పరిస్థితి వేరు. ప్రొటీన్ నెలల తరబడి, ఏళ్ల తరబడి పోతూనే ఉండవచ్చు. అంతకాలం రక్తనాళాలను 390 లాంటి అంకెకు వదిలేయడం ప్రమాదం. అప్పుడు స్టాటిన్ ఇస్తారు. అది కాలేయం లోపల కొలెస్ట్రాల్ తయారీని ఆపుతుంది, అంటే కుళాయి వైపు పనిచేస్తుంది. కణం మరిన్ని తలుపులు తయారుచేసేలా కూడా చేస్తుంది, కానీ పీసీఎస్‌కే9 ఆ తలుపులను పడగొడుతూనే ఉంటుంది. అంకె దిగుతుంది గానీ, జల్లెడ కారుతున్నంత కాలం మామూలు మనిషిలో దిగినంతగా దిగకపోవచ్చు. అది మందు తప్పూ కాదు, రోగి తప్పూ కాదు. ప్రొటీన్ కారడాన్నే తగ్గించే ఏసీఈ ఇన్హిబిటర్లు, ఏఆర్‌బీలు అనే బీపీ మందులు కొవ్వును కూడా పరోక్షంగా దించుతాయి. అవి మూలానికి దగ్గరగా పనిచేస్తాయి.

మందుల కలయికలో ఒకచోట చాలా జాగ్రత్త కావాలి. కిడ్నీ జబ్బుకు, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ వాడుతుంటే సిమ్వాస్టాటిన్ ఇవ్వకూడదు, అటోర్వాస్టాటిన్‌ను దూరంగా ఉంచడమే మంచిది, రోసువాస్టాటిన్ ఇచ్చినా రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. సైక్లోస్పోరిన్ వల్ల స్టాటిన్ రక్తంలో పేరుకుని కండరాలను కరిగించగలదు. ట్రైగ్లిజరైడ్ల కోసం ఇచ్చే ఫైబ్రేట్లతో ఇంకో ఇబ్బంది ఉంది. అవి రక్తంలో ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతాయి. ఆల్బుమిన్ సగమైనప్పుడు అదే మోతాదులో వదులుగా తిరిగే మందు పాలు పెరుగుతుంది. తొడల్లో, భుజాల్లో కొత్తగా నొప్పి, నీరసం, మూత్రం ముదురు రంగులోకి మారడం కనిపిస్తే మరో మోతాదు వేసుకునే ముందే డాక్టరుకు చెప్పి, కండరాలు దెబ్బతిన్నాయేమో తెలిపే సీపీకే రక్తపరీక్ష చేయించాలి.

కొవ్వు తక్కువగా తినడం మంచిదే, కానీ కొవ్వును పెంచుతున్నది పళ్లెం కాదు, కాలేయం. కడుపు మాడ్చుకున్నంత మాత్రాన 432 అంకె 200కు రాదు. పోతున్న ప్రొటీన్‌ను పూడ్చుదామని మోతాదుకు మించి ప్రొటీన్ తినడం ఎదురు తిరుగుతుంది, మూత్రంలో పోయే ఆల్బుమిన్ ఇంకా పెరుగుతుంది. ఆల్బుమిన్ సీసా ఎక్కించడం కూడా కొవ్వుకు వైద్యం కాదు. 20 శాతం ద్రావణం 100 మిల్లీలీటర్లలో ఉండేది 20 గ్రాములు. జల్లెడ కారుతూ ఉంటే ఒకటి రెండు రోజుల్లో అందులో చాలావరకు మూత్రంలోకే పోతుంది. తీవ్రమైన వాపులోనో, రక్తపరిమాణం పడిపోయినప్పుడో దాని అవసరం వేరు.

కాబట్టి లిపిడ్ ప్రొఫైల్‌ను ఒంటరిగా చూడకూడదు. అదే రోజు మూత్రంలోని ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలోని ఆల్బుమిన్ కూడా చూడాలి. నిష్పత్తి తగ్గి, ఆల్బుమిన్ పెరుగుతూ, కొవ్వు వెనకబడి దిగుతుంటే ఆగి చూడవచ్చు. నిష్పత్తి మామూలై, ఆల్బుమిన్ 3.5 దాటి, స్టెరాయిడ్ ఆపి మూడు నాలుగు నెలలైనా కొలెస్ట్రాల్ దిగకపోతే, అది కిడ్నీ పుట్టించినది కాకపోవచ్చు. అప్పుడు థైరాయిడ్‌నూ, ఇంట్లో ఇంకెవరికైనా కొలెస్ట్రాల్ ఎక్కువుందా అన్నదాన్నీ మళ్లీ మొదటి నుంచి చూడాలి.